చిన్న కొట్టు యాప్‌కు ప్రైవసీ పాలసీ పేరా

కొనేవారి నుంచి ఏ వివరాలు తీసుకుంటారు, ఎందుకు తీసుకుంటారు, అవి ఎవరెవరికి చేరతాయి, ఎప్పుడు చెరిపేస్తారు అనే నాలుగు ప్రశ్నలకు ఒక యాప్ ఇచ్చే రాతపూర్వకమైన జవాబే ప్రైవసీ పాలసీ. పెద్ద కంపెనీల పాలసీలు పేజీలకొద్దీ సాగుతాయి. ఫోన్ నంబరు, ఆర్డర్ల చరిత్ర మాత్రమే తీసుకునే చిన్న కొట్టు యాప్‌కు ఒక పేరా చాలు. ఆ పేరాకు ఒకటే నియమం: అందులోని ప్రతి వాక్యానికీ సరిపడే పని యాప్‌లో నిజంగా జరుగుతూ ఉండాలి. వేరే యాప్ నుంచి తెచ్చి అతికించిన పాలసీ ఎంత చక్కటి భాషలో ఉన్నా ఈ నియమం దగ్గరే తప్పుతుంది.

ఈ రెండు వివరాల్లో ఏముంది

మన దేశంలో ఫోన్ నంబరుకు బ్యాంకు ఓటీపీ, యూపీఐ, వాట్సాప్ అన్నీ ముడిపడి ఉంటాయి. అందుకే నంబరు తెలిసినవారికి మనిషి ఆనవాలు దొరికినట్టే. ఆర్డర్ల చరిత్ర విడిగా చూస్తే సరుకుల పద్దు మాత్రమే. నంబరు పక్కన పెట్టి చూస్తే అదే పద్దు ఇంటి సంగతులు చెబుతుంది. పసిపిల్లల డైపర్లు ఏ నెల నుంచి మొదలయ్యాయో, ఆ ఇంట్లో చక్కెర కొనడం ఎప్పుడు ఆగిపోయిందో, ఏ వారం ఇంటికి తాళం పడిందో అందులో కనబడుతుంది. ఈ రెండూ ఒకే చోట ఉంటాయి కాబట్టే నాలుగు మాటలు రాసి ఇవ్వాల్సిన బాధ్యత కొట్టువారిది.

చట్టం ఏమంటుంది

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కొనేవారికి నోటీసు ఇవ్వడం, సమ్మతి తీసుకోవడం వంటి ప్రధాన బాధ్యతలు నిబంధనలు వెలువడిన 18 నెలలకు, అంటే 2027 మే నుంచి, అమల్లోకి వచ్చేలా గడువు పెట్టారు.

నోటీసులో ఏ వివరాలు తీసుకుంటారో ఒక్కొక్కటిగా రాయాలి. ప్రతిదాన్నీ ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి. సమ్మతి వెనక్కి తీసుకునే దారి, వివరాలు చూసుకుని సరిచేయించుకునే దారి, డేటా ప్రొటెక్షన్ బోర్డుకు ఫిర్యాదు చేసే దారి చూపాలి. వేరే షరతుల్లో కలిపేయకుండా, దాన్ని మాత్రమే చదివినా అర్థమయ్యేలా ఉండాలి. ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కొనేవారికి ఉండాలి. ఆ భాషల్లో తెలుగు ఒకటి. కాబట్టి తెలుగు పేరా ఇవ్వడం మర్యాద కోసం చేసే అదనపు పని అనుకోకూడదు.

అవసరానికి మించి అడగకూడదన్న మాట కూడా చట్టంలోనే ఉంది. వైద్య సలహా ఇచ్చే యాప్ ఫోన్‌లోని పరిచయాల జాబితా కూడా అడిగి, వాడేవారు సరేనన్నా, సలహాకు ఆ జాబితా అవసరం లేదు కాబట్టి ఆ సమ్మతి దానికి వర్తించదని చట్టం ఉదాహరణ ఇస్తుంది. మందుల షాపులో కొన్నవారు రసీదు మెసేజ్‌గా పంపమని నంబరు ఇస్తే, ఆ రసీదు పంపడానికి దాన్ని వాడవచ్చని మరో ఉదాహరణ. రసీదు కోసం ఇచ్చిన నంబరు రేపు పండగ ఆఫర్లకు పనికిరాదన్నది దాని సారం. కౌంటరు దగ్గర బిల్లు వేయడానికి ఫోన్ నంబరు ఇచ్చితీరాలని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2023 మేలో దుకాణాలకు సూచించింది.

నమూనా పేరా

తెనాలిలో ఒక కిరాణా కొట్టు ఉందనుకుందాం. జనం యాప్‌లో లిస్టు పెడతారు, కొట్టువాళ్లు సరుకు కట్టి ఉంచుతారు, సాయంత్రం వచ్చి డబ్బు కట్టి తీసుకెళ్తారు. ఇంటికి పంపే పద్ధతి లేదు కాబట్టి చిరునామా అడగాల్సిన పని లేదు. దానికి పేరా ఇలా ఉండవచ్చు:

> మీరు ఆర్డరు పెట్టేటప్పుడు మీ ఫోన్ నంబరు తీసుకుంటాం. లాగిన్ ఓటీపీ పంపడానికి, సరుకు కట్టాక మీకు చెప్పడానికి, ఏదైనా లేకపోతే బదులు ఏం కట్టమంటారో అడగడానికి దాన్ని వాడతాం. మీరు ఏ రోజు ఏమేం ఎంతకు కొన్నారో దాచి ఉంచుతాం; పాత లిస్టు చూసి మీరు మళ్లీ ఆర్డరు పెట్టుకోవడానికి, లెక్కలో తేడా వస్తే సరిచూడడానికి మాత్రమే. మీ పరిచయాల జాబితా, లొకేషన్, ఫోటోలు తీసుకోం. మీ నంబరు ఓటీపీ పంపే సంస్థకు చేరుతుంది; నంబరు, ఆర్డర్లు మా సర్వర్ నడిపే సంస్థ దగ్గర ఉంటాయి. మేం చెప్పిన పనికి తప్ప వాళ్లు వాటిని వాడకూడదని ఒప్పందం రాసుకున్నాం. మరెవరికీ ఇవ్వం, అమ్మం. ఆఫర్ల మెసేజ్‌లు మీరు విడిగా ఒప్పుకుంటేనే పంపుతాం; ఎప్పుడైనా ఆపేయమనవచ్చు. ‘నా ఖాతా’ పేజీలో మీ వివరాలు చూసుకోవచ్చు, సరిచేసుకోవచ్చు, ఖాతా తీసేయవచ్చు. తీసేస్తే ఆ రోజు నుంచి మీ వివరాలు దేనికీ వాడం. చట్టం ఏడాది ఉంచమన్న డేటాను విడిగా భద్రపరిచి, గడువు తీరాక చెరిపేస్తాం. పన్ను లెక్కల కోసం ఉంచే బిల్లుల్లో మీ నంబరు ఉండదు. సందేహం ఉన్నా, ఫిర్యాదు ఉన్నా అదే పేజీలో ఉన్న నంబరుకు ఫోన్ చేయండి. మా జవాబు సరిపోకపోతే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు; ఆ లింకు కింద ఉంది.

ఇందులో ‘మీ అనుభవాన్ని మెరుగుపరచడానికి’ వంటి మాట లేదు. ఏ పనినైనా అందులో ఇరికించవచ్చు కాబట్టి దాన్ని చదివినవారికి ఏమీ తెలియదు. సరుకు లేకపోతే ఫోన్ చేసి అడుగుతామంటే మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది. ఆ పనికి తప్ప వేరే దానికి ఫోన్ వస్తే కొనేవారు గట్టిగా అడగగలరు.

చెరిపేస్తామన్న మాట

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్తగా రాయాల్సింది ఈ వాక్యాన్నే. ‘అడిగిన వెంటనే అన్నీ తీసేస్తాం’ అని రాయడం తేలిక. అలా రాసిన కొట్టు మాట నిలుపుకోలేదు. వ్యక్తిగత డేటానూ, దాన్ని వాడినట్టు చెప్పే లాగ్‌లనూ కనీసం ఏడాది ఉంచాలని 2025 నిబంధనలు చెబుతాయి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే లెక్కల పుస్తకాలు, బిల్లులు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. 2025 జూన్‌లో వేసిన బిల్లు 2025-26 ఆర్థిక సంవత్సరానికి చెందుతుంది. ఆ ఏటి రిటర్నుకు గడువు 2026 డిసెంబరు 31 కాబట్టి బిల్లును 2032 డిసెంబరు చివరి దాకా దాచాలి.

బిల్లు ఉంచాలంటే ఫోన్ నంబరు కూడా ఉంచాలని చాలామంది అనుకుంటారు. బిల్లు మీద కొనేవారి ఫోన్ నంబరు ఉండాలని జీఎస్టీ నిబంధనలు అడగవు. కాబట్టి యాప్ తయారు చేసేటప్పుడే బిల్లుల పట్టికను, నంబర్ల పట్టికను విడిగా పెట్టి, మధ్యలో ఒక గుర్తు సంఖ్యతో కలపాలి. ఏడాది గడువు తీరాక నంబరు ఉన్న వరుసను చెరిపేస్తే బిల్లులు పన్ను లెక్కకు మిగులుతాయి, అవి ఎవరివో చెప్పే ఆధారం పోతుంది. పేరాలోని ఒక చిన్న వాక్యం నిజం కావాలంటే డేటాబేస్‌ను మొదటి రోజే ఇలా కట్టుకోవాలి. రోజూ తీసే బ్యాకప్‌ల సంగతి కూడా మరవకూడదు. అసలు చోట చెరిపేసిన నంబరు పాత బ్యాకప్‌లో మిగిలిపోతే మాట తప్పినట్టే. బ్యాకప్‌లు ఎన్నాళ్లకు వాటంతటవే పోవాలో ముందే నిర్ణయించాలి.

ఎక్కడ తప్పుతుంది

మొదటి తప్పు యాప్ లోపల కనబడకుండా ఉంటుంది. చిన్న కొట్లు సాధారణంగా యాప్‌ను డెవలపర్ చేత రాయిస్తాయి. అతను క్రాష్ రిపోర్టుల కోసం, ప్రకటనల లెక్కల కోసం బయటి సంస్థల రెడీమేడ్ కోడ్‌ను కలిపి ఉండవచ్చు. వాడేవారి వివరాలు ఆ కోడ్ ద్వారా కూడా బయటికి వెళ్లవచ్చు. ‘మరెవరికీ ఇవ్వం’ అన్న వాక్యం యజమానికి తెలియకుండానే అబద్ధమవుతుంది. డెవలపర్‌ను అలాంటి కోడ్ జాబితా రాసిమ్మని అడగాలి. యాప్ కోరే అనుమతుల జాబితా కూడా చూడాలి. కిరాణా యాప్‌లో `READ_CONTACTS` కనబడితే అది ఎందుకుందో డెవలపర్ చెప్పాలి, చెప్పలేకపోతే తీసేయాలి. ప్లే స్టోర్‌లో ఇచ్చే డేటా సేఫ్టీ వివరాలు కూడా పేరాతో సరిపోలాలి.

రెండోది నంబరు చేతులు మారడం. వాడకం ఆపేసిన నంబరును టెలికాం సంస్థలు కనీసం 90 రోజులు ఆగి వేరొకరికి ఇస్తాయి. కొత్తవారు అదే నంబరుతో యాప్‌లోకి వస్తే ఓటీపీ వారికే చేరుతుంది, పాతవారి ఆర్డర్ల చరిత్ర అంతా వారి ముందు తెరుచుకుంటుంది. ఇక్కడ ఎవరూ దొంగతనం చేయలేదు, అయినా ఒక ఇంటి సంగతులు ఇంకొకరికి తెలిసిపోయాయి. చాలా నెలలుగా వాడని ఖాతాలోకి కొత్త ఫోన్ నుంచి లాగిన్ అయితే, పాత చరిత్ర వెంటనే చూపకుండా, కొట్టుకు ఫోన్ చేసి అడిగితేనే తెరవడం మేలు.

మూడోది కౌంటరు మీదే జరుగుతుంది. సంక్రాంతికి బెల్లం ధర తగ్గిందని చెప్పడానికి ఎవరో ఆర్డర్ల నంబర్లన్నీ తీసి వాట్సాప్ గ్రూపులో చేరుస్తారు. దాంతో ఒకరి నంబరు అందరికీ కనబడుతుంది, ఆర్డరు కోసం ఇచ్చింది ప్రకటనకు వాడినట్టవుతుంది. యాప్ ఎంత భద్రంగా ఉన్నా పేరా ఇక్కడ చెడుతుంది. అందుకే కొట్టులో పనిచేసేవాళ్లంతా ఆ పేరా చదివి ఉండాలి.

డేటా బయటపడితే బోర్డుకూ, ఆ వివరాలు ఎవరివో వారికీ ఆలస్యం లేకుండా చెప్పాలి. పూర్తి వివరాలు బోర్డుకు 72 గంటల్లో అందించాలి. సరైన భద్రత పాటించకపోతే రూ.250 కోట్ల దాకా జరిమానా వేసే అధికారం బోర్డుకు ఉంది. అది గరిష్ఠ హద్దు. తప్పు ఎంత తీవ్రమైందో, డేటా ఎలాంటిదో చూసి మొత్తం నిర్ణయిస్తారు.

పేరా ఎప్పుడు మార్చాలి

ఈ నమూనా అందులో చెప్పిన కొట్టుకే సరిపోతుంది. ఇంటికి సరుకు పంపడం మొదలైతే చిరునామా వస్తుంది, దాన్ని చూసే డెలివరీ మనిషి వస్తాడు. రెండూ పేరాలో చేరాలి. అరువు ఖాతా పెడితే బాకీల వివరాలు చేరతాయి. 18 ఏళ్లలోపు పిల్లలు సొంతంగా ఖాతా తెరిచే వీలుంటే తల్లిదండ్రుల సమ్మతిని సరిచూసే పద్ధతి ఉండాలి. పాతవారికి చెప్పకుండా పేరా మార్చి ఊరుకోకూడదు. ఏ వాక్యం మారిందో యాప్‌లో చూపించాలి; కొత్త పనికి సమ్మతి మళ్లీ అడగాలి, వద్దన్నవారు పాత పద్ధతిలోనే సరుకు కొనుక్కునే వీలుండాలి.