ఎరిత్రోడిసెస్థీషియా: ఎరుపు కన్నా ముందు వచ్చే మంట

కేపెసిటబిన్ వంటి క్యాన్సర్ మాత్రలు వాడేవారి అరచేతులకు, అరికాళ్లకు వచ్చే బాధను వాడుకలో హ్యాండ్-ఫుట్ సిండ్రోమ్ అంటారు. దాని వైద్యనామం పామార్-ప్లాంటార్ ఎరిత్రోడిసెస్థీషియా. ఇందులో మొదటి రెండు మాటలు లాటిన్‌లో అరచేతిని, అరికాలిని సూచించే పదాల నుంచి రాగా, మూడోది గ్రీకులో ఎరుపు, చెడు, స్పర్శజ్ఞానం అనే అర్థాలున్న మూడు పదాల కలయిక.

పేరులో ఎరుపు ముందున్నా, చాలామందిలో తిమ్మిరి, చురుకు, మంట ముందుగా తెలుస్తాయి. చామనఛాయ చర్మంపై ఎరుపు కనబడక, అరచేతి గీతలు నల్లబడినట్లు మాత్రమే తోచవచ్చు. అందుచేత రంగుకంటే స్పర్శలోని మార్పునే తొలి గుర్తుగా ఎంచాలి.

ఈ దశలో వేడినీటికి, బిగుతు చెప్పులకు, బట్టలు పిండడం వంటి రాపిడి పనులకు దూరంగా ఉండి, గోరువెచ్చని నీటితో కడిగి, రుద్దకుండా అద్ది, 10 శాతం యూరియా ఉన్న క్రీమును పగలని చర్మానికి పలుచగా రాయాలి.

అయితే చొక్కా గుండీ పెట్టుకోవడమో నడవడమో నొప్పివల్ల కష్టమైనా, బొబ్బలు లేచినా, తరువాతి మోతాదు వేసుకోకముందే వైద్య బృందానికి ఫోను చేయాలి. చర్మం పగిలి జ్వరం కూడా వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మాత్రను కొన్నాళ్లు ఆపడం, మోతాదు తగ్గించడం ఈ బాధకు ప్రధాన చికిత్స కాగా, ఆ నిర్ణయం బృందానిదే.