సుల్తానాబాద్ ఎక్కడుంది?

మాది సుల్తానాబాద్ అని చెప్తే హైదరాబాద్‌లో చాలామంది "అదెక్కడ?" అంటారు. కరీంనగర్ నుంచి పెద్దపల్లి పోయే దారిలో అంటే అర్థమైపోతుంది. కరీంనగర్ ఎక్కడో తెలియని వాళ్ళకు మాత్రం ఈ జవాబు పనికిరాదు. ఒకసారి ఫోన్‌లో మా ఊరి పేరు కొట్టి వెతికితే తివాచీలు, రంగురంగుల పింగాణీ గిన్నెలు వచ్చాయి. ఇరాన్‌లో అరాక్ అనే నగరానికి పాత పేరు సుల్తానాబాద్ అట. కరాచీలోనూ ఒక సుల్తానాబాద్ ఉంది. సుల్తాను అనేవాడు ఉన్న చోటల్లా ఒక సుల్తానాబాద్ వెలిసినట్టుంది.

అదే 18.52 ఉత్తరం, 79.33 తూర్పు అని రాస్తే ఇక ఇరాన్‌తో పేచీ లేదు. ప్రపంచంలో ఎవరు వెతికినా మా ఊరికే వస్తారు. స్కూల్లో మనకు ఈ రెండు అంకెల్నీ గ్లోబు మీద అడ్డంగా, నిలువుగా గీసిన గీతలుగా చూపించి, రెండూ ఒకే జాతి అన్నట్టు చెప్పారు. నిజానికి వాటి పుట్టుకలే వేరు. మొదటిది ఆకాశాన్ని చూస్తే దొరుకుతుంది. రెండోది ఆకాశంలో ఎంత వెతికినా దొరకదు.

మొదటిదాన్ని కొలవడానికి ఒక కట్టె చాలు. మన పంచాంగ కర్తలకు ఇది వెయ్యేళ్ళకు పైగా తెలుసు. పన్నెండు అంగుళాల శంకువును, అంటే నిటారు కట్టెను, చదునైన నేల మీద నిలబెట్టి, పగలూ రాత్రీ సమానమయ్యే రోజున మధ్యాహ్నపు నీడ కొలుస్తారు. ఆ నీడ పొడవుకు పలభ అని పేరు. ఆ రోజు సూర్యుడు సరిగ్గా భూమధ్యరేఖ మీద ఉంటాడు కాబట్టి, రేఖకు మనం ఎంత ఉత్తరంగా ఉంటే నీడ అంత పొడుగు. పాత గ్రంథాల్లో ఊరి అక్షాంశాన్ని డిగ్రీల్లో చెప్పకుండా, పలభ ఇన్ని అంగుళాలు అని చెప్పేస్తారు. కరీంనగర్ పట్టణానికి లెక్క కడితే పలభ దాదాపు సరిగ్గా నాలుగు అంగుళాలు, కట్టెలో మూడో వంతు. మాకు నాలుగు మీద ఇంకో రవ్వ. ఇంత గుండ్రటి అంకె సొంతూరికి ఉందని తెలిస్తే కరీంనగర్ వాళ్ళు మరింత గొప్పలు పోతారు గానీ, తెలియాల్సిన విషయమే.

రేఖాంశం సంగతి అలా కాదు. భూమి తిరుగుతూనే ఉంటుంది. మా డాబా మీద ఈ రాత్రి కనిపించే చుక్కలే కాసేపటికి బొంబాయి వాళ్ళకు కనిపిస్తాయి, ఇంకాసేపటికి ఇరాన్ సుల్తానాబాద్ వాళ్ళకు. తూర్పు పడమరల్లో ఎవరు ఎక్కడున్నారో ఆకాశం విడిగా చెప్పదు, అందరికీ అదే ఆకాశం, వేర్వేరు వేళల్లో. కాబట్టి తేడా అంతా వేళలోనే ఉంది. భూమి నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ తిరుగుతుంది. నాకు మధ్యాహ్నమైన క్షణంలో ఇంకో ఊళ్ళో టైమ్ ఎంతో తెలిస్తే, ఆ ఊరికి నేనెంత దూరంలో ఉన్నానో తెలిసినట్టే. కానీ వాచీలు లేని రోజుల్లో ఇంకో ఊరి టైమ్ ఇక్కడ తెలిసేదెట్లా?

సూర్యసిద్ధాంతం చెప్పిన ఉపాయం చంద్రగ్రహణం. చంద్రుడి మీద నీడ పడే క్షణం అందరికీ ఒకటే. ఉజ్జయిని మీదుగా పోయే మధ్యరేఖకు లెక్కకట్టిన గ్రహణం వేళ ఒకటి ఉంటుంది, మన ఊళ్ళో చూసిన వేళ ఒకటి ఉంటుంది. ఆ తేడాయే దేశాంతరం. మన దగ్గర ఆలస్యంగా కనిపిస్తే మనం రేఖకు తూర్పున ఉన్నట్టు. ఉజ్జయినికీ మాకూ వచ్చే తేడా సుమారు 14 నిమిషాలు. ఉపాయం బాగుంది గానీ, గ్రహణాలు ఎప్పుడో గానీ రావు, నీడ అంచు మసగ్గా ఉంటుంది, ఘడియలు కొలిచే నీటి గిన్నె నిమిషం అటూ ఇటూ అవుతుంది. ఒక్క నిమిషం తప్పితే మా అక్షాంశం దగ్గర 26 కిలోమీటర్లు గల్లంతు.

ఎంత గల్లంతవుతుందో చూద్దామని మొన్న మార్చి 21న నేనే డాబా ఎక్కాను. మీటరు పొడుగు వెదురు కట్టెకు తూకం దారం పట్టి నిటారుగా నిలబెట్టి, చుట్టూ 55 సెంటీమీటర్ల వృత్తం సుద్దతో గీశాను. పొద్దున నీడ కొస వృత్తాన్ని తాకి లోపలికి వచ్చే వేళ ఒకటి, మధ్యాహ్నం దాటాక మళ్ళీ తాకి బయటికి పోయే వేళ ఒకటి రాసుకుంటే, రెండింటికీ మధ్య వేళే అసలైన మిట్ట మధ్యాహ్నం. నీడ ఎప్పుడు అన్నిటికంటే పొట్టిగా ఉందో నేరుగా చూడబోతే తెలియదు, ఆ టైమ్‌లో నీడ కదిలినట్టే ఉండదు. వృత్తం పద్ధతి కూడా పాతదే.

"ఎండల కట్టె వట్టుకొని ఏం జేత్తున్నవ్‌రా?" అని అమ్మ రెండుసార్లు పైకొచ్చింది. మన ఊరు ఎక్కడుందో చూస్తున్నానంటే ఏమీ అనకుండా కిందికి పోయింది.

పొట్టి నీడ 34 సెంటీమీటర్లు వచ్చింది. వృత్తాన్ని తాకిన వేళలు 10:50, 1:54. మధ్య వేళ 12:22. మన దేశపు టైమ్ 82.5 డిగ్రీల రేఖాంశానిది, కాకినాడ మీదుగా పోయే గీతది. మా ఊరు దానికి పడమరగా ఉంది కాబట్టి సూర్యుడు మాకు పన్నెండున్నర నిమిషాల పైచిలుకు ఆలస్యం. పైగా మార్చిలో సూర్యుడు గడియారం కంటే ఏడు నిమిషాల పైన వెనకబడి ఉంటాడు. రెండూ కలిపితే 12:20 రావాలి, నాకు రెండు నిమిషాలు ఎక్కువొచ్చింది. నీడ కూడా 33 న్నర రావాల్సింది, అర సెంటీమీటరు ఎక్కువ. ఆ అర సెంటీమీటరు నన్ను 29 కిలోమీటర్లు ఉత్తరానికి, రామగుండం వరుసకు తోసేసింది. రెండు నిమిషాలు 53 కిలోమీటర్లు పడమరకు లాగాయి. నా కట్టె లెక్క ప్రకారం మా ఇల్లు జగిత్యాల అవతల ఉంది. సూర్యుడు చుక్కలా కాకుండా బిళ్ళలా ఉంటాడు కాబట్టి నీడ కొస సెంటీమీటరు మేర మసకే. దానికి తోడు వాన నీళ్ళు పోవడానికి డాబాను ఒక పక్కకు వాలుగా కడతారని నాకు గుర్తే లేదు.

దొరలు మా కంటే మెరుగ్గానే చేశారు. 1792లో మద్రాసు నుంగంబాకంలో మైకేల్ టాపింగ్ కట్టించిన అబ్జర్వేటరీలో పరికరం నిలబెట్టిన నల్లరాతి స్తంభం ఉండేది. దాని మీద తమిళంతో పాటు తెలుగులో కూడా అక్షరాలు చెక్కించారు. అక్కడ కూర్చున్నవాళ్ళు చంద్రగ్రహణం కోసం ఏళ్ళ తరబడి ఆగలేదు. గురుగ్రహం చుట్టూ తిరిగే పెద్ద చంద్రుళ్ళలో అన్నిటికంటే లోపలిది 42 న్నర గంటలకోసారి గ్రహణంలోకి పోతుంది. అది మాయమైన వేళను మద్రాసులోనూ ఇంగ్లండ్‌లోనూ రాసుకుని పోల్చితే రేఖాంశం వస్తుంది. ఆకాశంలో వేలాడే గోడ గడియారం అన్నమాట. దీనికీ మసక తప్పలేదు. ఆ చంద్రుడు ఒక్కసారిగా ఆరిపోకుండా మెల్లగా సన్నగిల్లుతాడు. పెద్ద దుర్భిణీలో చూసినవాడికి ఇంకా కనిపిస్తుంటే, చిన్నదాంట్లో చూసినవాడికి అప్పటికే మాయం.

ఎన్నో రాత్రుల లెక్కల తర్వాత మద్రాసుకు స్థిరపడ్డ అంకె 80 డిగ్రీల 17 నిమిషాల 21 సెకన్లు (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు). 1802లో మద్రాసు దగ్గర మొదలైన విలియం లాంబ్టన్ సర్వే ఈ అంకెనే పట్టుకుని నడిచింది. లాంబ్టన్ మనుషులు ప్రతి ఊళ్ళోనూ ఆకాశం చూడలేదు. నేల మీద ఒక గీతను ఇనుప గొలుసుతో అతి జాగ్రత్తగా కొలిచి, దాని రెండు కొసల నుంచీ దూరపు గుట్ట మీది గుర్తును థియోడొలైట్‌తో చూసి కోణాలు తీస్తే త్రిభుజం పూర్తవుతుంది. ఆ త్రిభుజపు భుజమే తర్వాతి దానికి ఆధారం. ఇట్లా గుట్ట నుంచి గుట్టకు త్రిభుజాలు అల్లుకుంటూ నిజాం రాజ్యంలోకి వచ్చారు. 1815లో బీదర్ దగ్గర మళ్ళీ ఒక గీత కొలిచి సరిచూసుకున్నారు. తర్వాత ఎవరెస్ట్ శిఖరానికి పేరిచ్చిన జార్జ్ ఎవరెస్ట్‌కు ఈ సర్వేలో మొదటి పని కృష్ణా గోదావరుల మధ్య మన అడవుల్లోనే. 1819 వానాకాలం జ్వరాలు ఆయన్నీ ఆయన మనుషుల్నీ పడగొట్టేశాయి. కోలుకోవడానికి ఆయన దక్షిణాఫ్రికా దాకా పోవాల్సొచ్చింది. కట్టెలు మోసి, చెట్లు కొట్టి, అదే జ్వరంతో పోయిన కూలీల పేర్లు ఏ శిఖరానికీ పెట్టలేదు.

త్రిభుజాలు చాలా బాగా కుదిరాయి. మద్రాసు నుంచి ఏ ఊరెంత దూరమో, ఏ దిక్కో దాదాపు కచ్చితంగా వచ్చింది. మద్రాసే తప్పు చోట ఉంది.

ఇది బయటపడటానికి టెలిగ్రాఫ్ రావాల్సొచ్చింది. తీగ మీద టకటక కొడితే అవతలి ఊరి టైమ్ ఆ క్షణానే చెవికి తెలుస్తుంది. 1894–96 మధ్య సర్వే అధికారులు బురార్డ్, లెనాక్స్ కనింగ్‌హామ్ కరాచీ నుంచి టెహ్రాన్, పోట్స్‌డామ్ మీదుగా గ్రీనిచ్ దాకా వేళల్ని ఇట్లా జతపరిచారు. తేలిందేమంటే మద్రాసు అసలు అంకె 80 డిగ్రీల 14 నిమిషాల 54 సెకన్లు. టైమ్‌లో చెప్పాలంటే తేడా పది సెకన్లు కూడా లేదు, 9.8. నా డాబా మీది రెండు నిమిషాల పక్కన పెడితే అద్భుతమైన పని. అయినా నేల మీద అది మా అక్షాంశం దగ్గర 4.3 కిలోమీటర్లు.

మద్రాసుతో పాటు దానికి ముడివేసిన ప్రతి ఊరూ జరిగింది. ఆ మ్యాపుల్లో రాసిన రేఖాంశాన్ని పట్టుకుని ఇవాళ ఎవరైనా మా ఊరు వెతుక్కుంటూ వస్తే, ఊరికి నాలుగు కిలోమీటర్లు తూర్పున పొలాల్లో తేలతాడు. మరి అన్నేళ్ళు ఎవరికీ ఇబ్బంది ఎందుకు కాలేదు? మొదటి అంగుళం తెగిపోయిన టేపుతో దర్జీ కొలిచినట్టే. చొక్కా మొత్తం అదే టేపుతో కొలిస్తే ఏ రెండు గుర్తుల మధ్యా దూరం మారదు. కరీంనగర్ నుంచి మా ఊరికి దూరం మ్యాపులో సరిగ్గానే ఉంది, శిస్తు వసూలుకూ రోడ్డు వేయడానికీ అది చాలు. ఇంకో టేపుతో కొలిచిన దాని పక్కన, అంటే వేరే దేశపు మ్యాపు పక్కన పెట్టినప్పుడే అతుకు కుదరదు. ఇరవయ్యో శతాబ్దం వచ్చాక సర్వే మ్యాపుల రేఖాంశాల నుంచి 2 నిమిషాల 27 సెకన్లు తీసేయడం మొదలైంది. దేశంలో ఒక్క ఇల్లూ కదల్లేదు గానీ, అంకెలన్నీ మారాయి.

తప్పు రేఖాంశంలోనే దాక్కుందని గమనించారా? అక్షాంశానికి సున్నా ఎక్కడుండాలో భూమే తన తిరుగుడుతో తేల్చేసింది. ధ్రువాలు రెండు, వాటి సరిమధ్య భూమధ్యరేఖ, ఇందులో ఎవరి ఇష్టమూ లేదు. రేఖాంశపు సున్నాను మనుషులే పెట్టాలి. మనవాళ్ళు ఉజ్జయిని అన్నారు, ఇంగ్లీషు వాళ్ళు గ్రీనిచ్ అన్నారు. ఆ గ్రీనిచ్ గీత కూడా నిలకడగా లేదు. ఇప్పుడు ఫోన్ పట్టుకుని అక్కడి ఇత్తడి గీత మీద నిలబడితే సున్నా రాదు, వంద మీటర్లు తూర్పుకు నడవాలి. ఫోన్ చేసేది మళ్ళీ గడియారపు పనే. ఉపగ్రహాలు తమ టైమ్ పంపుతాయి, ఆ కబురు ఎంత ఆలస్యంగా చేరిందో చూసి ఫోన్ దూరం కడుతుంది. ఒక సెకనులో వంద కోట్లో వంతు తప్పితే 30 సెంటీమీటర్లు పోతాయి, అందుకే వాటిలో అణు గడియారాలు పెట్టారు.

మే 14 ప్రాంతంలో సూర్యుడు మా నెత్తికి సరిగ్గా పైకి వస్తాడు, ఆ మధ్యాహ్నం నిటారు కట్టెకు నీడే ఉండదు. హైదరాబాద్‌లో అది మే 9నే అయిపోతుంది. ఆ అయిదు రోజులే రెండు ఊళ్ళ మధ్య అక్షాంశం తేడా. ఈసారి డాబా మీద నీళ్ళు పోసి వాలు ఎటుందో ముందే చూసుకుంటాను. అమ్మ మాత్రం మే ఎండలో పైకి పోనిచ్చేలా లేదు.