కాలువ చివరి ఊళ్ళ కట్టుబాటు

పదిమందికీ పనికివచ్చే పనికి ఎవరూ ముందుకు రారని మనవాళ్ళు ఎప్పటినుంచో అంటున్న మాటే. 1965లో మాన్సర్ ఆల్సన్ అనే అమెరికా ఆర్థికవేత్త దీన్నే సిద్ధాంతంగా నిలబెట్టాడు. ఫలం అందరికీ దక్కేటప్పుడు, ఖర్చు పెట్టనివాణ్ణి ఆ ఫలం నుంచి తప్పించలేనప్పుడు, ప్రతివాడూ ఇంకొకడు పెడతాడులే అని ఊరుకుంటాడు. చివరికి ఆ పని జరగదు. పైనుంచి బలవంతమో, పెట్టినవాడికి ప్రత్యేక లాభమో ఉంటే తప్ప ఇది తీరదని అతని వాదం.

ఈ వాదాన్ని మన కర్నూలు ప్రాంతపు పల్లెల్లో పరీక్షించి చూసినవాడు రాబర్ట్ వేడ్. 1970ల చివరినుంచి కర్నూలు–కడప కాలువ కింది గ్రామాల్లో తిరిగి, 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' అనే పుస్తకం వెలువరించాడు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలయ్యే ఈ కాలువను 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించింది. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఒకే కాలువ, ఒకే ప్రభుత్వం, ఇంచుమించు ఒకే కులాల జనం. అయినా కొన్ని ఊళ్ళలో గట్టి కట్టుబాటు ఉంది, పక్క ఊళ్ళలో ఏమీ లేదు. ఎందుకు?

కట్టుబాటున్న ఊళ్ళలో భూస్వాములు కొందరు కలిసి ఒక పెద్దల సభ నడుపుతారు. ప్రభుత్వ పంచాయతీ వేరు, ఇది వేరు. ఈ సభ పంట కాపలాకు మనుషుల్ని పెడుతుంది. నీళ్ళు కొరతగా ఉన్న రోజుల్లో ఊరందరి వరిమళ్ళకూ నీళ్ళు కట్టడానికి కూలివాళ్ళను నియమిస్తుంది. వాళ్ళు తప్ప రైతు తన మడి గండి తానే తెరవరాదు.

ఇందులోని లాభం తెలియడానికి ఒక ఊహాలెక్క వేద్దాం. ఒక పిల్లకాలువ కింద 20 మంది రైతులున్నారు. నీళ్ళు చాలవు. పైవాడు గండి కొట్టుకుంటాడని కిందివాడికి భయం, కనుక ఇరవై మందీ రాత్రుళ్ళు గట్టుమీదే జాగారం చేయాలి. అందరి తరఫునా ఇద్దరు కట్టేవాళ్ళు ఉంటే చాలు, రోజూ 18 మంది నిద్ర, కూలి మిగులుతాయి, కొట్లాటలు తగ్గుతాయి. వీళ్ళ కూలికి ఇష్టమున్నవాళ్ళు ఇవ్వండి అంటే మాత్రం, నీళ్ళు ఎలాగూ ముందు చేరే ఎగువ రైతు జేబులో చెయ్యి పెట్టడు. అందుకే ఎకరానికి ఇంత అని సాగుచేసే ప్రతివాడిమీదా వేస్తారు.

ఎగువ రైతు ఎందుకు ఒప్పుకుంటాడు? ఇక్కడ పొలాలు ముక్కలు ముక్కలుగా ఉండడం కలిసివచ్చింది. పెద్ద రైతుకు ఒక చెక్క కాలువ మొదట్లో ఉంటే, ఇంకొకటి చివర్లో ఉంటుంది. ఒకచోట దొంగిలించి లాభపడితే మరోచోట నష్టపోతాడు. తన పొలమంతా ఒకేచోట ఉండుంటే తన గట్టు తాను కాచుకుని ఊరుకునేవాడు.

ఊరి నిధిది ఇంకో ఉపాయం. కోతలయ్యాక మోడు పొలాల్లోకి బయటి గొర్రెల మందలు వస్తాయి. ఆ మేపును ఊరంతా కలిపి అమ్ముతారు. ఆ డబ్బు రైతు ఇంటికి చేరకముందే నిధికి చేరుతుంది. ఎవరినీ చందా అడగనక్కరలేదు, ఎగ్గొట్టే వీలూ లేదు. ఈ సొమ్ముతో సభ నిలబడుతుంది, నీళ్ళకోసం అధికారుల చేతులు తడపడం కూడా జరుగుతుంది.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. కాలువ మొదట్లోని ఊళ్ళకు నీళ్ళు పుష్కలం, కనుక కట్టుబాటు అవసరం లేదు. చివరి ఊళ్ళలో అది లేకపోతే పంటే పోతుంది. మనుషుల మంచితనంలోగానీ, నాయకుడి గొప్పతనంలోగానీ తేడా లేదు, నష్టభయంలోనే ఉంది. లాభం అంత పెద్దదైతే ఆల్సన్ చెప్పిన పైబలవంతం లేకుండానే ఊరు కదులుతుందని వేడ్ తేల్చాడు. సమష్టి వనరులపై 1990లో పుస్తకం రాసి 2009లో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రమ్ పరిశోధన కూడా ఈ దారిలోనిదే.

అయితే దీన్ని గ్రామస్వరాజ్యమని మురిసిపోనక్కరలేదు. సభలో కూర్చునేది భూమి ఉన్న మగవాళ్ళే. కూలివాళ్ళకు, దళితులకు, స్త్రీలకు అక్కడ మాట లేదు. 

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలను ఒక్కసారిగా నెలకొల్పింది. చివరి ఊరికీ, మొదటి ఊరికీ ఒకే అచ్చు. అవసరం లేనిచోట సంఘం కాగితంమీద మిగులుతుందని కాలువ పల్లెలు ముందే చెప్పాయి. కోలారు చెరువుల కింద నీరుగంటిని, తమిళనాట నీర్‌కట్టిని ఎరిగిన మన పాఠకులు ఒక సంగతి గమనించవచ్చు: ఆ మనిషికి ఎవరు, దేనినుంచి జీతమిస్తున్నారో చూస్తే ఆ ఊరి కట్టుబాటు బతికుందో లేదో తెలిసిపోతుంది.