సంఘంలో ఆఖరి మాట ఎవరిది?

మద్రాసు ప్రభుత్వం తరఫున ఐరోపా వెళ్లి, అక్కడి పల్లె పరపతి సంఘాలను చూసొచ్చిన ఐసీఎస్ అధికారి ఫ్రెడరిక్ నికల్సన్. 1895లోనూ 1897లోనూ రెండు భాగాలుగా ఆయన ఇచ్చిన నివేదిక చెప్పింది ఒక్కటే: రైతు వడ్డీ వ్యాపారి చేతి నుంచి బయటపడాలంటే రైతులే కూడి ఒకరికొకరు పూచీగా నిలవాలి. జర్మనీలో రైఫైజెన్ నడిపించిన పద్ధతే దీనికి ఆదర్శం. ఆ ఆలోచనతో వచ్చినదే 1904 సహకార పరపతి సంఘాల చట్టం. పదిమంది కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. పల్లె సంఘంలో సభ్యుల బాధ్యతకు హద్దు లేదు. సంఘం బాకీ పడితే సభ్యుడి సొంత ఆస్తి మీదికీ రావచ్చు.

ఆ చట్టం పరపతికే పరిమితం. నేతగాళ్లు నూలు కొనుక్కోవడానికో, నేసిన బట్ట అమ్ముకోవడానికో సంఘంగా ఏర్పడే దారి 1912 చట్టంతో తెరుచుకుంది. సభ్యుల బాధ్యతకు హద్దు లేని సంఘాల్లో, ఎన్ని వాటాలున్నా సభ్యుడికి ఒకే ఓటు అన్న సూత్రం 1912 చట్టంలోనే స్థిరపడింది. దాంతోపాటే రిజిస్ట్రార్ కూడా స్థిరపడ్డాడు. సంఘాన్ని నమోదు చేసేది అతనే, లెక్కలు తనిఖీ చేయించేది అతనే, అవసరమైతే రద్దు చేసేదీ అతనే. సంఘం వ్యాపారం మీద సభ్యుల మధ్య తగవు వస్తే దాన్ని రిజిస్ట్రార్ దగ్గరికో, మధ్యవర్తి దగ్గరికో పంపేలా నియమాలు చేసుకోవచ్చని 1912 చట్టం చెప్పింది. చిన్న బాకీల కోసం పల్లెవాళ్లు కోర్టుల చుట్టూ తిరిగి, వకీళ్ల ఫీజులకే చితికిపోకూడదన్నది అందులోని మంచి ఉద్దేశం. అయితే సలహాదారూ, తనిఖీదారూ, తీర్పరీ ఒక్కరే కావడమన్న చిక్కు కూడా అక్కడే మొదలైంది.

1919 సంస్కరణలతో సహకారం రాష్ట్రాల పరిధిలోకి వచ్చింది. మద్రాసు 1932లో సొంత చట్టం చేసుకుంది. పాలకవర్గాన్ని తప్పించి, ఆ స్థానంలో వేరొకరిని కూర్చోబెట్టే అధికారం రిజిస్ట్రార్‌కు అందులో ఉంది. అసలు మలుపు మాత్రం 1954లో వచ్చింది. గోర్వాలా అధ్యక్షతన జరిగిన గ్రామీణ పరపతి సర్వే నివేదిక, సంఘాల్లో ప్రభుత్వమే వాటాదారు కావాలంది. పెట్టుబడి లేక కునారిల్లుతున్న సంఘాలకు ఆ డబ్బు ప్రాణం పోసిన మాట నిజమే. డబ్బు వెంట అజమాయిషీ కూడా వచ్చింది. 1964 ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం ఆ కాలపు బిడ్డ. తెలంగాణలోనూ అదే చట్టం నేటికీ అమల్లో ఉంది.

ఈ చట్టం ఎలా పనిచేస్తుందో ఒక చేనేత సంఘం పెట్టి చూద్దాం. సంఘం సభ్యుడికి తూకం వేసి నూలు ఇస్తుంది. అతడు బట్ట నేసి తెచ్చి మజూరీ తీసుకుంటాడు. ఏడాది చివర ఆడిటర్ గిడ్డంగి చూస్తే, నిల్వ పుస్తకంలో ఉన్న నూలు కంటే గిడ్డంగిలో ఉన్నది తక్కువగా తేలింది. అదే సమయంలో ఒక సభ్యుడు, తనకు ఆర్నెల్ల మజూరీ రావాలంటున్నాడు. పాలకవర్గమేమో అతడే నూలు బాకీ ఉన్నాడంటోంది. చూడ్డానికి ఇవి ఒకే గొడవ, కానీ చట్టంలో వీటికి రెండు వేర్వేరు దార్లున్నాయి.

మజూరీ తగవు 61వ సెక్షన్ కిందికి వస్తుంది. సంఘం నిర్మాణం, నిర్వహణ, వ్యాపారాలకు సంబంధించి సభ్యులు, మాజీ సభ్యులు, వారి వారసులు, పాలకవర్గం, సంఘం మధ్య వచ్చే తగవులన్నీ ఇక్కడికే రావాలి. సివిల్ కోర్టుకు వెళ్తే అక్కడ తలుపు మూసే ఉంటుంది. జీతం తీసుకునే ఉద్యోగిపై సంఘం తీసుకున్న క్రమశిక్షణ చర్యను మాత్రం ఈ సెక్షన్ నుంచి మినహాయించారు. రిజిస్ట్రార్ తానే విచారించవచ్చు, మరొకరికి అప్పగించవచ్చు. తీర్పు నచ్చనివారు ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఇక్కడ గెలుపోటములు తేల్చేవి సభ్యుడి పాస్‌బుక్కు, నూలు ఇచ్చిన రోజు పెట్టిన సంతకం, మినిట్స్ పుస్తకంలో ఉన్న తీర్మానం. నోటిమాట మీద నూలు తీసుకున్న సభ్యుడు ఎంత నిజం చెప్పినా, రుజువు లేక నిలబడలేడు.

నూలు తరుగు సంగతి వేరు. ఆడిట్‌లోనో విచారణలోనో అది బయటపడితే 60వ సెక్షన్ కింద సర్‌చార్జ్ చర్య మొదలవుతుంది. సంఘం ఆస్తిని కాజేసినా, కావాలని అజాగ్రత్త చూపి నష్టం తెచ్చినా, ఆ పాలకవర్గ సభ్యుడూ కార్యదర్శీ తమ జేబులోంచి వడ్డీతో కట్టాలి. ముందు వారి వాదన వినాలి. గిడ్డంగి తాళం తన దగ్గర లేదని చెప్పి అధ్యక్షుడు అంత తేలిగ్గా తప్పించుకోలేడు, ఎందుకంటే లెక్కలు చూడడం, వాటిని సర్వసభ్య సమావేశం ముందు పెట్టడం పాలకవర్గం విధి. ఆడిటర్ రాకముందే అనుమానం కలిగితే సభ్యుల చేతిలో 51వ సెక్షన్ ఉంది. మొత్తం సభ్యుల్లో అయిదో వంతు అర్జీ పెడితే రిజిస్ట్రార్ విచారణ జరిపించి తీరాలి. ఈ హక్కు గురించి సంఘాల్లో చాలామందికి తెలియకపోవడం విచారకరం.

ఇంత పకడ్బందీగా ఉన్న చట్టం సంఘాలను ఎందుకు నిలబెట్టలేదు? ఎన్నికలు వాయిదా పడితే పాలకవర్గం స్థానంలో పర్సన్ ఇన్‌ఛార్జ్ వస్తాడు. ఆరు నెలల కోసం వచ్చినవారి గడువు పొడిగిస్తూ పోవచ్చు. ఓటు వేసే అవకాశమే రాని సభ్యుడికి ఒకే ఓటు సూత్రం వల్ల ఒరిగేదేమీ లేదు.

దీనికి జవాబుగా, బ్రహ్మప్రకాశ్ కమిటీ 1991లో ఇచ్చిన నమూనా చట్టం దారిలో, ఆంధ్రప్రదేశ్ 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తెచ్చింది. దేశంలో ఈ తరహా చట్టం ఇదే మొదటిది. ప్రభుత్వ వాటాధనం ఉండదు, రిజిస్ట్రార్ పెత్తనమూ ఉండదు. సంఘం తన బైలాల ప్రకారం నడుస్తుంది. పాత సంఘం మారాలంటే ప్రభుత్వ వాటాను ముందు తిరిగి కట్టేయాలి. బాధ్యత మాత్రం బరువెక్కింది. గడువులోపు ఎన్నికలు జరపడం బోర్డు పనే. తగవులు రిజిస్ట్రార్‌కు కాకుండా సహకార ట్రిబ్యునల్‌కు వెళ్తాయి.

పాడి రైతుల సంఘాలు చాలా ఈ చట్టంలోకి మారాయి. 2006లో రాష్ట్ర ప్రభుత్వం ముందు ఆర్డినెన్సు, ఆపైన చట్టం తెచ్చి, ఒక్క పాల సంఘాలను మాత్రం 1995 చట్టం నుంచి తీసేసి, అవి మొదటి నుంచీ 1964 చట్టం కిందే ఉన్నట్టు లెక్కగట్టింది. ఎన్నికైన బోర్డుల చోట పర్సన్ ఇన్‌ఛార్జ్‌లు వచ్చారు. హైకోర్టు 2007లో ఆ సవరణను కొట్టేసింది. ప్రభుత్వ అప్పీలును సుప్రీంకోర్టు 2011 సెప్టెంబరులో తోసిపుచ్చింది. సభ్యులు ఇష్టపడి ఎంచుకున్న చట్టం నుంచి వారిని బలవంతంగా, అదీ పదేళ్లు వెనక్కి వెళ్లి తప్పించడం సంఘం పెట్టుకునే ప్రాథమిక హక్కును దెబ్బతీస్తుందని, పాల సంఘాలనే విడదీయడం సమానత్వానికి విరుద్ధమని కోర్టు తేల్చింది. సహకార చరిత్రలో రైతు సభ్యుల మాటకు ఇంత బలమైన తీర్పు అరుదు.

అదే ఏడాది చివర పార్లమెంటు ఆమోదించిన 97వ రాజ్యాంగ సవరణ, సహకార సంఘం పెట్టుకోవడాన్ని ప్రాథమిక హక్కుల్లో పేరు పెట్టి చేర్చింది. బోర్డుకు అయిదేళ్ల గడువు, గడువులోపే ఎన్నికలు, ఏడాది ముగిసిన ఆరు నెలల్లో సర్వసభ్య సమావేశం లాంటి నియమాలతో కొత్త భాగాన్నీ తెచ్చింది. సగం రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో, ఆ భాగం రాష్ట్ర సంఘాలకు చెల్లదని 2021 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. బహుళ రాష్ట్ర సంఘాలకే అది మిగిలింది, ప్రాథమిక హక్కులోని మాట మాత్రం చెక్కుచెదరలేదు. కాబట్టి పోచంపల్లిలోనో చీరాలలోనో ఒక నేతగాడు ఏ తలుపు తట్టాలన్నది ఇప్పటికీ అతని సంఘం రిజిస్ట్రేషన్ పత్రం మీద ఉన్న చట్టం పేరే చెబుతుంది. 1964 అని ఉంటే రిజిస్ట్రార్ కార్యాలయం, 1995 అని ఉంటే ట్రిబ్యునల్.