ముందు లాగిన్, తర్వాత నెట్‌వర్కు: ఒక కెర్బరోస్ కథ

2020 ఏప్రిల్. లాక్‌డౌన్ మొదలై రెండు వారాలు దాటింది. మా టీములో కాంట్రాక్టు మీద పనిచేసే ఒక అమ్మాయి, ముందుజాగ్రత్తగా మార్చి మూడో వారంలోనే ల్యాప్‌టాప్ సర్దుకుని భీమవరం వెళ్ళిపోయింది. ఓ శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసింది. "అన్నా, నిన్నా ఇవాళా నాకు ఆబ్సెంట్ పడింది. టైంషీట్ తెరుచుకోవట్లేదు. హెల్ప్‌డెస్క్ వాళ్ళేమో ల్యాప్‌టాప్ ఆఫీసుకి తీసుకురమ్మంటున్నారు. ఎలా తెచ్చేది?" అంది. బస్సుల్లేవు, రైళ్ళు లేవు. కాంట్రాక్టు వాళ్ళకి టైంషీట్‌లో గంటలు పడకపోతే జీతం లేదు. అందులోనూ మూడో రోజు కూడా ఆబ్సెంటయితే ఆ పేరు వాళ్ళ ఏజెన్సీకి వెళ్తుంది.

మా టైంషీట్ అప్పటికే ముసలిది. బ్రౌజర్లో కాదు, ఒక డెస్క్‌టాప్ అప్లికేషను. నేరుగా ఆఫీసులోని ఎస్.క్యూ.ఎల్ సర్వరుకి విండోస్ లాగిన్‌తో కలుస్తుంది, పాస్‌వర్డ్ విడిగా అడగదు. ఆమెకి వస్తున్న ఎర్రర్ `Cannot generate SSPI context`. ఈ వాక్యాన్ని చూసి ఎవరికైనా ఏమైనా అర్థమైతే వాళ్ళకో దణ్ణం :-)

చిత్రమేమిటంటే మిగతావన్నీ పనిచేస్తున్నాయి. వీపీఎన్ కలుస్తోంది, మెయిల్ వస్తోంది. అందుకే హెల్ప్‌డెస్క్ వాళ్ళు "నెట్‌వర్క్ బానే ఉంది, మెషీన్‌లోనే ఏదో తేడా" అని తేల్చేశారు. రీస్టార్ట్ చెయ్యమన్నారు. ఆమె రెండ్రోజుల్లో ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు.

తెరని పంచుకోమని చెప్పి కమాండ్ ప్రాంప్ట్‌లో రెండు ముక్కలు కొట్టించాను.

```
C:\> klist
Cached Tickets: (0)

C:\> klist get krbtgt
klist failed with 0xc000006d/-1073741715
```

మొదటిదానికి అర్థం, ఆ లాగిన్ సెషన్‌లో ఒక్క కెర్బరోస్ టికెట్టు కూడా లేదని. రెండోది, "వెళ్ళి ఒక టికెట్టు తీసుకురా" అంటే వచ్చిన జవాబు. ఇక్కడ చివరి రెండక్షరాలు చూడాలి. అది `0xc000005e` అయివుంటే డొమైన్ కంట్రోలరే అందట్లేదని. అప్పుడు వీపీఎన్‌నో, దాని డీఎన్ఎస్‌నో అనుమానించాలి. `6d` అంటే అది కాదు. కంట్రోలరు దాకా వెళ్ళింది, అక్కడ "నీ పాస్‌వర్డ్ తప్పు" అని తిప్పి పంపించారు. కానీ ఆమె ఏ పాస్‌వర్డూ కొట్టలేదే! మరి తప్పు పాస్‌వర్డ్ ఎవరిచ్చారు?

"ఈ మధ్య పాస్‌వర్డ్ మార్చావా?" అనడిగాను. బుధవారం మధ్యాహ్నం మార్చిందట, తొంభై రోజుల గడువు ముగుస్తోందని మెయిలొస్తే, కంపెనీ వెబ్ పేజీలోకి వెళ్ళి. "బుధవారం సాయంత్రం దాకా టైంషీట్ బానే పనిచేసిందన్నా, కాబట్టి దానివల్ల కాదు," అని కూడా అంది. సరిగ్గా దానివల్లే. అదెలాగో చెప్పాలంటే ఓ నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1983లో అమెరికాలో ఎమ్.ఐ.టి వాళ్ళు డిజిటల్, ఐబీఎమ్ కంపెనీలతో కలిసి ప్రాజెక్ట్ అథీనా మొదలుపెట్టారు. క్యాంపస్ నిండా వర్క్‌స్టేషన్లు, ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు. ఆ మిషన్ ముందు ఇంతకుముందు ఎవరు కూర్చున్నారో, దాన్నేం చేశారో తెలీదు కాబట్టి మిషన్‌ని నమ్మకూడదు. నెట్‌వర్క్ తీగమీద పాస్‌వర్డ్ పంపితే ఎవడో ఒక కుర్రాడు వినేస్తాడు కాబట్టి తీగనీ నమ్మకూడదు. ఈ రెండు అపనమ్మకాల మధ్య పుట్టింది కెర్బరోస్. గ్రీకు పురాణంలో పాతాళద్వారం దగ్గర కాపలా ఉండే మూడు తలల కుక్క పేరు పెట్టారు.

స్టైనర్, న్యూమన్, షిల్లర్ అనే ముగ్గురు దాని గురించి 1988లో యూజ్‌నిక్స్ సమావేశంలో ఒక పేపర్ చదివారు. ఇప్పటికీ హాయిగా చదువుకోవచ్చు, అంత తేటగా ఉంటుంది. అందులో ఒక చిన్న విషయం నాకు చాలా ఇష్టం. మనం పాస్‌వర్డ్ కొడతాం, దాన్నుంచి ఒక తాళంచెవి తయారవుతుంది. మధ్యలో ఉన్న టికెట్ సర్వరు పంపిన జవాబుని ఆ చెవితో విప్పితే టికెట్టు చేతికొస్తుంది. వెంటనే పాస్‌వర్డ్‌నీ, ఆ చెవినీ మెమరీలోంచి చెరిపేస్తారు. ఇక ఆ మిషన్‌లో మిగిలేది టికెట్టు మాత్రమే, అదీ ఎనిమిది గంటలకి. ఆ తర్వాత మళ్ళీ కావాలంటే మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టాల్సిందే. మన సినిమా టికెట్టులాగే, ఆట అయిపోయాక అది చిత్తుకాగితం.

ఈ ఏర్పాటులో ఎవరూ నోరు విప్పి చెప్పని ఊహ ఒకటుంది. టికెట్ సర్వరు మనం లాగిన్ అయ్యే క్షణంలో అందుబాటులో ఉంటుంది అని. క్యాంపస్‌లో అది నిజమే. నెట్‌వర్క్ లేకపోతే అథీనా వర్క్‌స్టేషన్‌లో మీ ఫైళ్ళే లేవు, ఇంక లాగినై చేసేదేముంది? 1990లో బెలోవిన్, మెరిట్ అనే ఇద్దరు కెర్బరోస్ పరిమితుల మీద ఒక పేపర్ రాసి, ఇది అథీనా వాతావరణానికి కొలిచి కుట్టిన చొక్కా, అందరికీ సరిపోదు సుమా అన్న అర్థం వచ్చేలా హెచ్చరించారు (ఉపమానం నాది, వాళ్ళది కాదు). వాళ్ళ మనసులో ఉన్నవి వేరే ప్రమాదాలు, ఇంటి ల్యాప్‌టాప్ కాదు. అయినా మాట ఇక్కడికీ పనికొస్తుంది.

2000 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ విండోస్ 2000తో పాటు కెర్బరోస్ ఐదో వెర్షన్‌ని యాక్టివ్ డైరెక్టరీలో పెట్టింది. పెట్టేటప్పుడు రెండు సౌకర్యాలు కలిపింది. ఒకటి ఎన్.టి రోజులనుంచే ఉంది. కంట్రోలరు అందకపోయినా, ఇంతకుముందు ఆ మిషన్‌లో లాగినైనవాళ్ళ పాస్‌వర్డ్ తాలూకు గుర్తు ఒకటి డిస్క్ మీద దాచి ఉంచి, దానితో సరిపోల్చి లోపలికి రానివ్వడం. మామూలుగా పదిమందివి దాస్తుంది. రెండోది, టికెట్టు గడువు (విండోస్‌లో మామూలుగా పది గంటలు) అయిపోయినప్పుడల్లా మనల్ని విసిగించకుండా, లాగిన్ అప్పుడు మనం కొట్టిన పాస్‌వర్డ్‌నో దాన్నుంచి తీసిన చెవినో మెమరీలో ఉంచుకుని, అదే వెళ్ళి కొత్త టికెట్టు తెచ్చుకోవడం. అథీనా వాళ్ళు పనిగట్టుకుని చెరిపేసినదాన్ని వీళ్ళు పనిగట్టుకుని దాచారన్నమాట. తప్పు పట్టట్లేదు. రోజుకి రెండుసార్లు పాస్‌వర్డ్ అడిగే విండోస్‌ని ఏ ఆఫీసూ కొనేది కాదు.

ఈ రెండు సౌకర్యాలూ కలిసి మన అమ్మాయిని ఎలా ఇరికించాయో చూడండి.

ఆమె పాస్‌వర్డ్ మూడు చోట్ల ఉంది: హైదరాబాద్‌లోని డొమైన్ కంట్రోలరు దగ్గర, భీమవరంలోని ల్యాప్‌టాప్ డిస్క్ మీద, ఆ ల్యాప్‌టాప్ మెమరీలో. బుధవారం వెబ్ పేజీలో మార్చినప్పుడు మారింది మొదటిది ఒక్కటే. ల్యాప్‌టాప్‌కి ఆ కబురే అందలేదు. ఆ రోజు పొద్దున వీపీఎన్ కలిపాక తెచ్చుకున్న టికెట్టు ఇంకా చెల్లుతోంది కాబట్టి సాయంత్రం దాకా టైంషీట్ పనిచేసింది. రాత్రి ల్యాప్‌టాప్ మూసేసింది, తెల్లారేసరికి టికెట్టుకి కాలం చెల్లింది. గురువారం మిషన్ తెరిచి కొత్త పాస్‌వర్డ్ కొడితే "తప్పు" అంది. డిస్క్ మీద ఉన్నది పాతది కదా, వీపీఎన్ ఇంకా కలవలేదు కదా. పాతది కొడితే రానిచ్చింది. వీపీఎన్‌కి కొత్తది కొట్టింది, కలిసింది. మెయిల్‌కీ కొత్తది కొట్టింది, వచ్చింది. కానీ మెమరీలో ఉన్నది పొద్దున కొట్టిన పాతది. టైంషీట్ తెరవగానే విండోస్ నోరు మెదపకుండా ఆ పాతదాన్ని తీసుకెళ్ళి కంట్రోలరుకి చూపించింది, తిట్లు తిని వచ్చింది. ఆ తిట్లని తెలుగులో కాకపోయినా కనీసం ఇంగ్లీషులో చెప్పొచ్చుగా! ఊహూ, `Cannot generate SSPI context`.

రీస్టార్ట్ ఎందుకు పనిచెయ్యలేదో ఇప్పుడు మీకు తెలిసిపోయే ఉంటుంది. రీస్టార్ట్ చేస్తే వీపీఎన్ తెగిపోతుంది. మళ్ళీ డిస్క్ మీది పాత పాస్‌వర్డ్‌తోనే లోపలికొస్తాం. ఎన్నిసార్లు చేసినా గానుగెద్దులా అక్కడికే.

మందు చెప్తే నవ్వొస్తుంది. వీపీఎన్ కలిపి, అది కలిసి ఉండగానే, `Win+L` కొట్టి తెరకి తాళం వెయ్యమన్నాను. తర్వాత కొత్త పాస్‌వర్డ్‌తో తియ్యమన్నాను. "అది తప్పంటుంది కదన్నా, పొద్దున్నే చూశాగా," అంది. కొట్టమ్మా, ఏం కాదు అన్నాను. తెరుచుకుంది. తన దగ్గరున్నదానితో సరిపోని పాస్‌వర్డ్ వచ్చేసరికి విండోస్ ఈసారి కంట్రోలరుని అడిగింది, ఈసారి కంట్రోలరు అందుబాటులో ఉంది. అది అవునంది. డిస్క్ మీదిదీ, మెమరీలోదీ రెండూ మారాయి, కొత్త టికెట్టు వచ్చింది. మళ్ళీ `klist` కొడితే సున్నా పోయి `krbtgt` తో మొదలయ్యే వరస కనిపించింది. టైంషీట్ తెరుచుకుంది. మొత్తం ఒక నిమిషం పని.

ఒక్క షరతు ఉంది. తెరకి తాళం వెయ్యగానే తెగిపోయేలా అమర్చిన వీపీఎన్ అయితే ఈ చిట్కా పారదు. అలాంటిచోట లాగిన్‌కి ముందే కలిసే వీపీఎన్ కావాలి. అన్నట్టు ఇది కొత్త ఆలోచనేం కాదు. ఎక్స్‌పీ వాడినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, లాగిన్ పెట్టెలో `Log on using dial-up connection` అని ఒక చిన్న గడి ఉండేది. నేనైతే దాన్ని ఒక్కసారి కూడా టిక్కు పెట్టిన పాపాన పోలేదు, అదెందుకుందో కూడా ఆలోచించలేదు. ముందు నెట్‌వర్కు, తర్వాత లాగిన్ అనే అథీనా నాటి వరసని నిలబెట్టడానికే అది ఉన్నది. విస్టాలో ఆ గడి పోయి, వీపీఎన్ తయారుచేసేవాళ్ళు కావాలంటే లాగిన్ తెరమీద తమ బొమ్మ పెట్టుకునే వీలొచ్చింది. 2017లో విండోస్ 10కి డివైస్ టనెల్ వచ్చింది. దాంతో మనిషి లాగిన్ అవ్వకముందే మిషనే తన సర్టిఫికేట్‌తో ఆఫీసుకి కలుస్తుంది. మా కంపెనీలో అప్పటికి ఇవేవీ పెట్టలేదు. ఆఫీసులో కూర్చునేవాళ్ళకి అవసరం ఏముందనుకున్నారు.

మేమిద్దరం తర్వాత అలవాటు చేసుకున్నది ఇంకా తేలిక. పాస్‌వర్డ్ వెబ్ పేజీలో మార్చకుండా, వీపీఎన్ కలిసి ఉన్నప్పుడు `Ctrl+Alt+Del` కొట్టి అక్కడే మార్చడం. అప్పుడు మూడు చోట్లా ఒకేసారి మారుతుంది. కానీ గడువు గుర్తుచేసే ఆ మెయిల్లో ఉన్న లింకు మాత్రం వెబ్ పేజీకే వెళ్ళేది.

ఆ రెండు రోజుల హాజరు కోసం నేను `klist` తెరల బొమ్మలు జతచేసి మేనేజరుకి రాశాను. గురువారానిది ఇచ్చారు. శుక్రవారానిది మాత్రం "సమస్య సాయంత్రం తీరింది కాబట్టి" సగం రోజు కింద రాసుకున్నారు.