ఎకోబ్రిక్: రేపర్లను సీసాలో కూరితే సమస్య తీరినట్టేనా?

శుభ్రంగా కడిగి ఆరబెట్టిన ప్లాస్టిక్ రేపర్లను వాడేసిన సీసాలో గట్టిగా కూరి మూత బిగిస్తే తయారయ్యే వస్తువును ఎకోబ్రిక్ అంటారు. పీటలు, బల్లలు, తోట గట్లు, చిన్న గోడలు కట్టడానికి దీనిని వాడుతున్నారు. మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలోనే ఇటువంటి సీసాలతో పాఠశాల గోడలు కట్టారు. ఉత్తర ఫిలిప్పీన్స్‌లో 2010 తరువాత ఈ పద్ధతి ఉద్యమ రూపం దాల్చింది. అక్కడి నుంచి ఎదిగిన గ్లోబల్ ఎకోబ్రిక్ అలయన్స్ అనే సంస్థ తయారీకి కొన్ని ప్రమాణాలను నిర్ణయించింది. చెత్తను బయటకు పంపడం ఖరీదైన ద్వీపాలకు, కొండ ప్రాంతాలకు ఈ విధానం ప్రత్యేకంగా ఆకర్షణీయంగా కనిపిస్తుంది. మధ్య అండమాన్‌లోని రంగత్ అటువంటి ప్రాంతమే.

రంగత్‌కు వచ్చే సరుకు, తిరిగి వెళ్లని రేపరు

అండమాన్ నికోబార్ దీవుల్లో 2011 జనగణన ప్రకారం దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఉత్తర మధ్య అండమాన్ జిల్లాలోని ప్రధాన పట్టణాల్లో రంగత్ ఒకటి. బిస్కెట్లు, నూనె, సబ్బులు వంటి నిత్యావసరాల్లో అధిక భాగం చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలపై శ్రీ విజయపురానికి, అంటే పూర్వపు పోర్ట్ బ్లెయిర్‌కు చేరుతుంది. అక్కడి నుంచి రంగత్‌కు అండమాన్ ట్రంక్ రోడ్డుపై సుమారు 170 కిలోమీటర్ల ప్రయాణం. జరావాల అభయారణ్యం గుండా సాగే ఈ దారిలో జలసంధి వద్ద పడవ దాటింపు కూడా ఉంటుంది.

సరుకు ఖర్చయ్యాక ఖాళీ నీళ్ల సీసాకు పాత సామాన్ల వ్యాపారి వద్ద ఎంతో కొంత ధర పలుకుతుంది. చిప్స్ ప్యాకెట్టుకు పలకదు. ప్లాస్టిక్ పొరలను, పలుచని లోహపు పూతను కలిపి అతికించిన ఈ సంచిని తిరిగి విడదీయడం గిట్టుబాటు కాదు. అందుచేత ఇటువంటి రేపర్లు పెరట్లో మంటపాలవుతాయి, లేదా వాననీటితో కాలువల్లో పడి సముద్రంలో కలుస్తాయి. రంగత్‌కు సమీపంలోని కత్‌బర్ట్ బే తీరం సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. ఆ ఇసుకకు చేరకుండా ఒక్క రేపరును ఆపినా అది నిజమైన ప్రయోజనమే. ఎకోబ్రిక్ ఆ పని చేయగలదు. ఎంత మేరకు, ఎంత కాలం అన్నదే తేల్చుకోవలసిన విషయం.

సరైన ఎకోబ్రిక్ ఎలా ఉంటుంది

సీసా, రేపర్లు రెండూ పూర్తిగా పొడిగా ఉండాలి. పాల ప్యాకెట్లను, నూనె ప్యాకెట్లను కోసి సబ్బునీటితో కడిగి, తడి ఏ మాత్రం లేకుండా ఆరబెట్టాలి. ముందుగా మెత్తని ప్లాస్టిక్ సంచులను అడుగున వేసి, సీసా మూతి కంటే సన్నని వెదురు కర్రతో నొక్కాలి. ఆ తరువాత ముక్కలుగా కత్తిరించిన రేపర్లను కొద్దికొద్దిగా వేస్తూ, అంచుల్లో ఖాళీ మిగలకుండా పొర మీద పొరగా కూరాలి. కాగితం, లోహం, గాజు, ఆహార పదార్థాలు, పదునైన వస్తువులు లోపలికి పోకూడదు.

పూర్తయిన సీసా సరిగ్గా ఉన్నదీ లేనిదీ తూకమే చెబుతుంది. అలయన్స్ ప్రమాణం ప్రకారం సీసా పరిమాణంలో ప్రతి మిల్లీలీటరుకు కనీసం 0.33 గ్రాముల బరువు ఉండాలి. అంటే లీటరు సీసా మొత్తం 330 గ్రాములు, అర లీటరు సీసా 165 గ్రాములు తూగాలి. అంతకంటే తేలికైనది పైన కూర్చోగానే నొక్కుకుపోతుంది. చేత్తో గట్టిగా పిండినప్పుడు సొట్ట పడితే అది ఇంకా నిండలేదని అర్థం. తడితోనో, తిండి అవశేషాలతోనో మూసిన సీసాలో బూజు పడుతుంది, కుళ్లు వల్ల వాయువులు పుట్టి సీసా ఉబ్బుతుంది. రంగత్‌లో ఈ ప్రమాదం ఎక్కువ. దీవులపై నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ కురుస్తాయి. ఏడాదిలో సగానికి పైగా గాలిలో తేమ నిండి ఉండే చోట నూనె ప్యాకెట్టు లోపలి మడతలను ఆరబెట్టడం సులభం కాదు.

ఒక కుటుంబం, ఒక జిల్లా

లీటరు ఎకోబ్రిక్‌లో సీసా బరువు పోగా సుమారు 300 గ్రాముల రేపర్లు పడతాయి. చిన్న చిప్స్ లేదా బిస్కెట్ ప్యాకెట్టు ఖాళీ సంచి సగటున 2 గ్రాములు తూగుతుందనుకుంటే, ఒక సీసాకు 150 సంచులు కావాలి. రోజుకు ఐదు సంచులు పోగయ్యే ఇంట్లో నెలకు ఒక సీసా, ఏడాదికి పన్నెండు సీసాలు తయారవుతాయి. ఈ స్థాయిలో పని సాధ్యమే. ఇల్లు నెలకు ఎంత ప్లాస్టిక్ పారేస్తున్నదో కళ్లెదుట కనిపించడం దీనివల్ల దక్కే మరొక ఫలితం.

లెక్కను జిల్లాకు విస్తరిస్తే చిత్రం మారిపోతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కల ప్రకారం 2020-21లో దేశంలో సుమారు 41 లక్షల టన్నుల ప్లాస్టిక్ వ్యర్థాలు వెలువడ్డాయి. తలకు ఏడాదికి దాదాపు 3 కిలోలన్నమాట. అందులో మూడో వంతు మాత్రమే కూరదగిన రేపర్లు, సంచులు అనుకుందాం. ఉత్తర మధ్య అండమాన్ జిల్లా జనాభా 2011లో 1,05,597. తలకు కిలో చొప్పున ఏటా 105 టన్నులు. వాటిని సీసాల్లో పెట్టాలంటే దాదాపు మూడున్నర లక్షల లీటరు సీసాలు కావాలి. ఒక్కో పీటకు 16 సీసాలు వాడినా, ఏటా 22 వేల పీటలవుతాయి. మరుసటి సంవత్సరం మరో 22 వేలు. ఇది జాతీయ సగటుపై వేసిన ఉజ్జాయింపు మాత్రమే, అయినా ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. ఎకోబ్రిక్‌లతో కట్టదగిన వస్తువుల అవసరం పరిమితం, రేపర్ల రాక పరిమితం కాదు.

గోడగా మారితే

పేరులో ఇటుక ఉన్నప్పటికీ ఇది ఇటుక చేసే పని చేయదు. కాల్చిన ఇటుక బరువును మోస్తుంది, సిమెంటు సున్నితంగా పట్టుకునే గరుకుదనం దానికి ఉంటుంది. ప్లాస్టిక్ సీసా ఉపరితలం నున్నగా ఉండటం వల్ల సిమెంటు దానికి అతుక్కోదు, దాని చుట్టూ గట్టిపడుతుంది అంతే. బరువు పడితే సీసా పగలదు, నెమ్మదిగా నొక్కుకుపోతుంది. కనుక పైకప్పు భారాన్ని స్తంభాలు, దూలాలు మోయాలి. సీసాలు నడుమ ఖాళీని నింపే పదార్థంగానే పనికివస్తాయి. భూకంప ప్రమాదం అత్యధికంగా ఉన్న ప్రాంతాల్లో అండమాన్ ఒకటి కావడం వల్ల అక్కడ ఈ పరిమితి మరింత ముఖ్యం.

ఎండ రెండో పరిమితి. అతినీలలోహిత కిరణాలు తగిలే చోట సీసా క్రమంగా పెళుసుబారి పగుళ్లిస్తుంది. లోపలి రేపర్లు ముక్కలై సూక్ష్మ ప్లాస్టిక్‌గా నేలలోకి, నీటిలోకి చేరతాయి. అంటే పూత లేకుండా ఆరుబయట పెట్టిన తోట గట్టు కొన్నేళ్లకు తానే కాలుష్యానికి మూలమవుతుంది. నిప్పు మూడో పరిమితి. సీసా, లోపలి సరుకు రెండూ మండేవే, మండితే విషపూరితమైన పొగ వస్తుంది. ఇంటి లోపల వాడితే పైన మందమైన మట్టి లేదా సిమెంటు పూత తప్పనిసరి.

వీటన్నింటికంటే పెద్ద చిక్కు ఆ గోడను కూల్చే రోజున ఎదురవుతుంది. తిరిగి వాడదగిన సీసా, వాడలేని రేపర్లు, సిమెంటు ఒక్కటిగా ముద్దయి చేతికి వస్తాయి. విడిగా అమ్మితే ధర పలికే సీసాను కూడా ఎవరూ కొనరు. పారేయవలసిన చెత్త తగ్గలేదు, దానిని పారేసే తేదీ మాత్రమే వాయిదా పడింది.

ఇతర మార్గాలతో పోలిస్తే

తిరిగి వాడలేని రేపర్లకు దేశంలో ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది రహదారి. మదురైలోని త్యాగరాజర్ ఇంజినీరింగ్ కళాశాల ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్ రూపొందించిన పద్ధతిలో, వేడి కంకరపై ప్లాస్టిక్ తురుమును చల్లితే అది కరిగి పూతలా పట్టుకుంటుంది. ఆ తరువాత తారు కలుపుతారు. ఆయనకు 2018లో పద్మశ్రీ లభించింది. ఒంటి వరుస రోడ్డు ఒక కిలోమీటరుకు సుమారు ఒక టన్ను ప్లాస్టిక్ పడుతుందని అంచనా. అదే టన్నును కూరాలంటే 3,300కు పైగా లీటరు సీసాలు కావాలి. అయితే పీవీసీ కలిసిన ప్లాస్టిక్‌ను వేడి చేయకూడదు కనుక ముందుగా వేరు చేయడం ఇక్కడ తప్పదు. రోడ్డు అరిగేకొద్దీ ప్లాస్టిక్ రేణువులు విడుదల కావచ్చన్న ప్రశ్న కూడా ఉంది.

రెండోది సిమెంటు భట్టీ. సుమారు 1,400 డిగ్రీల వేడిలో రేపర్లు బొగ్గుకు బదులు ఇంధనంగా మండుతాయి. రంగత్ నుంచి ఈ మార్గం పట్టాలంటే సరుకు సముద్రం దాటి ప్రధాన భూభాగానికి చేరాలి. వదులుగా ఉన్న రేపర్లు బరువు తక్కువ, చోటు ఎక్కువ ఆక్రమిస్తాయి. కాబట్టి ఓడ ఎక్కించేముందు యంత్రంతో నొక్కి బేళ్లు కట్టడం అవసరం. ఎకోబ్రిక్ సాంద్రత ఘనపు మీటరుకు 330 కిలోలు. బేలు కట్టే యంత్రం సాధించేది కూడా దాదాపు అదే. ఒక ఇంటివారు నెల రోజులు కర్రతో చేసిన పనిని యంత్రం క్షణాల్లో చేస్తుంది, పైగా సీసా విడిగా మిగులుతుంది.

ఈ రవాణా ఖర్చు ఎవరిదన్న విషయంలో నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు, వాటికి 2022 ఫిబ్రవరిలో చేర్చిన మార్గదర్శకాలు, ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ఉత్పత్తిదారులు, దిగుమతిదారులు, బ్రాండ్ యజమానులపై ఉంచాయి. గట్టి ప్లాస్టిక్, మెత్తని ప్లాస్టిక్, బహుళ పొరల ప్లాస్టిక్‌లకు వేర్వేరు లక్ష్యాలు నిర్ణయించాయి. సీసాలో కూరిన రేపరు ఈ లెక్కలోకి రాదు. కంపెనీ చేయవలసిన పనిని విద్యార్థులు, గృహిణులు ఉచితంగా చేసిపెట్టినట్టవుతుంది. ఎకోబ్రిక్‌పై పర్యావరణవేత్తలు చేసే విమర్శల్లో బలమైనది ఇదే.

ఎప్పుడు ఉపయోగం

సేకరణ బండి రాని గ్రామంలో, మంటకూ సముద్రానికీ ప్రత్యామ్నాయం లేనప్పుడు, ఎకోబ్రిక్ మేలైన తాత్కాలిక నిల్వ. సరిగ్గా తూగిన సీసాలను నీడలో ఉంచి, సిమెంటులో పూడ్చకుండా, విప్పి తీయగల పీటలుగా తాళ్లతో కట్టుకుంటే రేపు సరైన మార్గం దొరికినప్పుడు వాటిని వెలికి తీయవచ్చు. రేపర్లను విడిగా తీసుకుని ప్రధాన భూభాగానికి పంపే ఏర్పాటు మొదలైన చోట మాత్రం సీసాలో కూరడం అనవసరం. అక్కడ కడిగి ఆరబెట్టిన రేపర్లను ఒక గోనెసంచిలో, ఖాళీ సీసాలను మరో సంచిలో వేసి ఇవ్వడమే ఎక్కువ ప్రయోజనకరం. రెండు పద్ధతుల్లోనూ విలువైన పని ఒక్కటే: తడి తగలకుండా, తిండి అంటకుండా రేపరును వేరు చేయడం. దానిని ఏ సీసాలో పెట్టారన్నది తరువాతి మాట.