కోడి మెడలో మాత్ర, దాణాలో మందు

నలభై రోజుల్లో రెండు కిలోల కోడి తయారవుతుందంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. నాటుకోడి ఆ తూకానికి రావడానికి ఆరేడు నెలలు పడుతుంది మరి. అందుకే చికెన్ కొట్టు దగ్గరైనా పెళ్ళి భోజనాల దగ్గరైనా ఎవరో ఒకరు "అదంతా హార్మోన్ ఇంజక్షన్ల మహిమండీ" అని తేల్చేస్తారు. ఆడపిల్లలు త్వరగా ఈడేరడానికీ అదే కారణమంటారు. ఈ మాట ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు కోళ్ళకు నిజంగానే హార్మోన్ ఎక్కించారు. ఇక్కడ కాదు, అమెరికాలో.

1938లో ఇంగ్లండులో చార్లెస్ డాడ్స్ బృందం డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ను తయారు చేసింది. చౌకగా తయారయ్యే మందు అది. 1947లో అమెరికా ప్రభుత్వం దాన్ని కోళ్ళకు వాడటానికి అనుమతించింది. పుంజుపిల్ల మెడ పైభాగంలో, తలకు దగ్గరగా, చర్మం కింద చిన్న మాత్ర పెట్టేవారు. పుంజు తురాయి వాడిపోయేది, పోట్లాటలు మానేసేది, ఒంటికి కొవ్వు పట్టి మాంసం మెత్తబడేది. కత్తితో పని లేకుండా పుంజును కొజ్జా చేసే ఉపాయమన్నమాట. కోడి త్వరగా పెరగడానికి కాదు, లావెక్కడానికి. ఈ తేడా తర్వాతి కాలంలో ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

మాత్ర మెడలోనే ఎందుకంటే, తలా మెడా ఎలాగూ పారేస్తారు కదా అని. కానీ అవి పారేసిన చోట ఉండలేదు. బొచ్చు కోసం మింక్ జంతువులను పెంచేవారు ఆ కోడి వ్యర్థాలను కొని మేపితే, వాటికి పిల్లలు పుట్టడం తగ్గిపోయింది. చివరికి 1959 డిసెంబరులో కోళ్ళకు ఈ మందు వాడటం ఆపించారు. ఇదే మందును గర్భిణులకు కూడా ఇచ్చిన పాపం 1971లో బయటపడింది. వాళ్ళ కూతుళ్ళలో అరుదైన క్యాన్సర్ కనిపించింది. కోడికీ హార్మోన్‌కూ ముడిపడిన భయం అప్పటి నుంచి వదల్లేదు.

ఇక ఇప్పటి సంగతి. గ్రోత్ హార్మోన్ అనేది ప్రోటీన్. దాణాలో కలిపితే పప్పులోని ప్రోటీన్‌లాగే కోడి కడుపులో అరిగిపోతుంది. ఇన్సులిన్‌ను మింగకుండా పొడిపించుకునేది కూడా అందుకే. పోనీ ఇంజక్షనే చేస్తారనుకుందాం. అది ఒంట్లో ఎక్కువసేపు నిలవదు కాబట్టి రోజూ చేయాలి. ఐదు వేల కోళ్ళ షెడ్డులో ఒక్కోదాన్ని పట్టుకుని, పొడిచి, వదలడానికి అర నిమిషం వేసుకున్నా ఒక్క విడతకే దాదాపు 42 గంటలు కావాలి. రోజుకు ఉన్నవి ఇరవై నాలుగే. పైగా పట్టుకున్న ప్రతిసారీ కోడి బెదిరి మేత మానేస్తుంది, తూకం పోతుంది. షెడ్డులో చుక్కల సీసా పట్టుకున్న మనిషి కనిపించడం మాత్రం నిజమే. అది మొదటి వారంలో కంట్లో వేసే లాసోటా టీకా, కొక్కెర తెగులు రాకుండా.

మరి ఆ పెరుగుదల ఎక్కడిది? చాలావరకు జాతిలోనే ఉంది. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు 1957 నాటి జాతినీ, 1978 నాటి జాతినీ, 2005 నాటి రాస్ 308 రకాన్నీ ఒకేచోట ఒకే దాణాతో పెంచి 2014లో ఫలితాలు ప్రచురించారు. 56 రోజులకు మొదటిది సుమారు 900 గ్రాములు, రెండోది 1,800, మూడోది 4,200 తూగాయి. దాణా ఒకటే, రోజులు అవే. తేడా అంతా పుట్టుకదే. ఏ తరంలో ఏ కోడి రొమ్ము బలంగా ఉంది, తక్కువ మేతకు ఎక్కువ తూగింది అని చూసి వాటినే జత కడుతూ వచ్చిన ఫలం అది. దీనికి కోడి కూడా మూల్యం చెల్లిస్తోంది. కాళ్ళు బరువు మోయలేవు, గుండె తట్టుకోలేదు. షెడ్డులో ఉన్నట్టుండి వెల్లకిలా పడి చచ్చే కోళ్ళు రైతుకు కొత్త కాదు. బాయిలర్ కోడిని తప్పుపట్టాలంటే ఇది మంచి కారణమే.

అసలు అడగాల్సిన ప్రశ్న దాణాలో కలిపే యాంటీబయాటిక్ గురించి. ఆ వాడకం పుట్టుకలో మన భీమవరం బిడ్డ నీడ ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు సారథ్యం వహించింది ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనిపెట్టాడు. 1948 ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆ ఏడాది చివర్లో అక్కడే పనిచేసే థామస్ జూక్స్ కోడిపిల్లలకు చౌకగా బి12 విటమిన్ దొరుకుతుందేమోనని, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని మేపి చూశాడు. విటమిన్ లెక్కకు అందనంతగా పిల్లలు పెరిగాయి. పిప్పిలో మిగిలిపోయిన మందే కారణమని జూక్స్, స్టోక్‌స్టాడ్ తేల్చారు. 1950కల్లా అది వార్త అయింది. టన్ను దాణాకు కొన్ని గ్రాములు చాలు. రోగం నయం చేసే మోతాదుకు అది చాలా తక్కువ. పేగుల్లోని సూక్ష్మజీవులను అదుపులో పెట్టి, మేతను ఒంటికి పట్టించడమే దాని పని. శుభ్రంగా నడిచే షెడ్డులో ఈ లాభం నూటికి కొన్ని పాళ్ళకు మించదు. కిక్కిరిసిన, మురికి షెడ్డులో ఎక్కువ కనిపిస్తుంది.

చిక్కు ఆ తక్కువ మోతాదులోనే ఉంది. చచ్చేంత మందు తగలని బ్యాక్టీరియా దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటుంది. 1976లో స్టువర్ట్ లెవీ ప్రచురించిన ప్రయోగం చూడండి. బోస్టన్ దగ్గర ఒక కుటుంబం పెంచే కోళ్ళకు ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన దాణా పెట్టారు. వారం తిరిగేసరికి కోళ్ళ పేగుల్లోని క్రిములు దాదాపుగా ఆ మందుకు లొంగనివైపోయాయి. ఐదారు నెలలకు ఆ ఇంటి మనుషుల మలంలోనూ అలాంటివి బలపడ్డాయి. మందు మింగిన వాళ్ళెవరూ లేరు, చుట్టుపక్కల ఇళ్ళలో ఆ స్థాయిలో కనబడలేదు.

యూరప్ 2006 జనవరి నుంచి పెరుగుదల కోసం యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించింది. మన దగ్గర 2014లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ ఢిల్లీ చుట్టుపక్కల కొన్న 70 నమూనాలను పరీక్షిస్తే నూటికి నలభైలో మందుల అవశేషాలు తేలాయి. ఆసుపత్రుల్లో ఆఖరి అస్త్రంగా దాచుకునే కొలిస్టిన్‌ను పశువులకూ కోళ్ళకూ వాడకుండా కేంద్రం 2019లో నిషేధించింది. వండితే క్రిములు చస్తాయి, కాబట్టి బాగా ఉడికించడం, పచ్చి మాంసం తగిలిన కత్తినీ చేతినీ కడుక్కోవడం అవసరం. కానీ ఎన్రోఫ్లాక్సాసిన్ లాంటి మందు అవశేషం కూర మరిగినంత మాత్రాన పోదు. దానికి విరుగుడు షెడ్డులోనే ఉంది: మందు ఆపాక తగినన్ని రోజులు ఆగి కోయడం. మందు మీద గడువు రాసి లేకపోతే మాంసానికి కనీసం 28 రోజులు ఆగాలని 2012లో మన ఔషధ నిబంధనల్లో చేర్చారు. నలభై రోజులకు కోసే కోడికి ఆ లెక్కన పన్నెండో రోజు తర్వాత అలాంటి మందు పడకూడదు. కాబట్టి కొట్టువాణ్ణి హార్మోన్ గురించి అడిగి ప్రయోజనం లేదు. ఈ బ్యాచ్‌కు చివరిసారి మందు ఏ రోజు పెట్టారో అడగండి, తెలియదంటే కంపెనీని అడిగి చెప్పమనండి.